ఇంటి వైఫైని పెరట్లోని షెడ్డు దాకా తీసుకెళ్లడం: వైర్‌లెస్ బ్రిడ్జ్ బిగించే పద్ధతి

మా అక్కావాళ్ల ఇల్లు నూజివీడు దగ్గర, మామిడి తోట అంచున ఉంటుంది. ఇంటి వెనకాల, తోట మొదలయ్యే చోట పాత కారు షెడ్డు ఒకటుంది. కారు ఇంటి ముందుకి మారాక బావ దానికి ఫాల్స్ సీలింగ్ వేయించి, ఏసీ పెట్టించి అక్కకి ఆఫీసు గదిగా మార్చాడు. అక్క ఇంటి నుంచే పని చేస్తుంది, రోజుకి నాలుగైదు వీడియో కాల్స్ ఉంటాయి. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. ఇంటి వెనక గోడ నుంచి షెడ్డుకి టేపు పట్టి కొలిస్తే 70 మీటర్లు వచ్చింది. ఫోన్‌లో వైఫై గుర్తు మాత్రం పెరడు సగం దాటగానే పోతుంది. షెడ్డు పైకప్పు రేకులు, షట్టర్ ఇనుము. ఇనుప డబ్బాలోకి వైఫై దూరదు కదా.

ముందుగా అందరూ చేసే పనే వాళ్లూ చేశారు. ఒక రిపీటర్ కొని వెనక వరండాలో పెట్టారు. రిపీటర్ తనకి అందిన బలహీనమైన సిగ్నల్‌నే మళ్లీ పంపుతుంది, పైగా ఒకే రేడియోతో వినడం, మాట్లాడడం రెండూ చేస్తుంది కాబట్టి వేగం సగానికి పడిపోతుంది. షెడ్డులో గుర్తు కనిపించేది, కాల్ మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఇలాంటి చోట కావలసింది వైర్‌లెస్ బ్రిడ్జ్. అంటే ఎండకీ వానకీ తట్టుకునే రెండు చిన్న రేడియో డబ్బాలు. ఒకటి ఇంటి గోడ మీద, ఒకటి షెడ్డు గోడ మీద, ఎదురెదురుగా ఒకదాన్నొకటి చూస్తూ ఉంటాయి. ఆ రెండూ కలిసి గాల్లో వేసిన నెట్‌వర్క్ కేబుల్ లాగా పనిచేస్తాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వాటికి నేరుగా కనెక్ట్ అవ్వవు.

ముందు ఇది అవసరమేనా చూడండి

ఇంటికీ షెడ్డుకీ మధ్య ఎలాగూ నీళ్ల పైపు కోసమో కరెంటు కోసమో గుంత తవ్వుతుంటే, అందులోనే ఒక పీవీసీ గొట్టం వేసి ఫైబర్ కేబుల్ లాగేయండి. అంతకన్నా నమ్మకమైనది లేదు. మామూలు రాగి నెట్‌వర్క్ కేబుల్ కూడా 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. కానీ రెండు కట్టడాలకీ వేరువేరు ఎర్తింగ్ ఉన్నప్పుడు వాటి మధ్య రాగి తీగ వేయడం నాకు ఇష్టం ఉండదు. దగ్గర్లో పిడుగు పడితే ఒక కట్టడం దగ్గర లేచిన వోల్టేజీ ఆ తీగ వెంబడే రెండో కట్టడంలోని రౌటర్లోకి వెళ్తుంది. ఫైబర్‌కీ గాలికీ ఆ సమస్య లేదు. తవ్వడం కుదరకపోతే, మధ్యలో సిమెంటు నేలో పక్కవాళ్ల దారో అడ్డుంటే, అప్పుడు బ్రిడ్జ్ వైపు రండి.

మధ్యలో ఉన్న గాలిని కొలవండి

బ్రిడ్జ్ పనిలో కష్టమైనది డబ్బా కాదు, రెండు డబ్బాల మధ్య ఖాళీ. ఈ రేడియోలు ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. ఆ తరంగాలు ఆకుల గుండా సరిగ్గా వెళ్లవు, ఎందుకంటే ఆకుల్లో ఉండేది నీళ్లు. గోడ సంగతి అందరికీ తెలుసు, ఆకుల సంగతే మర్చిపోతాం.

నేనూ అలాగే మర్చిపోయాను. అక్కావాళ్లింటికి ఫిబ్రవరిలో వెళ్లి బిగించాను. పెరట్లో బావిగట్టు పక్కన పెద్ద వేపచెట్టు ఉంది. ఆ నెలలో దాని ఆకులన్నీ రాలిపోయి కొమ్మలే మిగిలాయి. డాబా మీద నిలబడితే కొమ్మల సందుల్లోంచి షెడ్డు గోడ స్పష్టంగా కనిపించింది. సిగ్నల్ బలాన్ని చెప్పే అంకె మైనస్ 50 డీబీఎం, వేగం బ్రహ్మాండం. ఉగాదికి వేప చిగురేసింది. ఏప్రిల్ నెల మధ్యలో అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, నిన్న పొద్దున దాకా బాగానే ఉంది రా. నిన్న సాయంత్రం జల్లు పడ్డప్పటి నుంచి కాల్ కట్ అయిపోతూనే ఉంది."

ఫోన్‌లోనే పేజీ తెరిపించి చూస్తే అంకె మైనస్ 74కి దిగిపోయింది. డబ్బాలు కదల్లేదు, సెట్టింగ్స్ మారలేదు. మధ్యలోకి ఆకులొచ్చాయి, ఆ ఆకులు తడిశాయి. ఈ దూరానికి వాన చినుకుల వల్ల 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. నష్టమంతా తడి ఆకుల దగ్గరే.

బావ చెట్టు కొట్టించేద్దామన్నాడు, అక్క ససేమిరా అంది. చివరికి ఇంటి మీది డబ్బాని పిట్టగోడకి ఎడమ చివర, పాత చోటికి మూడున్నర మీటర్ల అవతల బిగించాం. అక్కడి నుంచి చూస్తే వేప పక్కకి తప్పుకుంటుంది. అంకె మళ్లీ మైనస్ 49కి వచ్చింది. ముందే చూసుకుంటే ఒకే రంధ్రంతో పోయేది.

చూసుకునే పద్ధతి ఇది. సాయంత్రం చీకటి పడుతుండగా ఒకరు షెడ్డు దగ్గర, డబ్బా బిగించబోయే ఎత్తులో, ఫోన్ టార్చ్ వెలిగించి పట్టుకోవాలి. మీరు ఇంటి మీద రెండో డబ్బా పెట్టబోయే చోట, సరిగ్గా ఆ ఎత్తులో కన్ను పెట్టి చూడండి. వెలుతురు చుక్క పూర్తిగా కనిపించాలి. ఆకు కదిలినప్పుడు మిణుకుమిణుకుమంటే ఆ చోటు పనికిరాదు. పగలు అదే చోటి నుంచి ఫోన్‌లో జూమ్ చేసి ఒక ఫొటో తీసుకోండి. ఆ ఫొటోలో గీత పక్కన ఏ చెట్టుంది, అది ఏడాదిలో ఎంత పెరుగుతుంది, ఎప్పుడు చిగురేస్తుంది అని ఇంట్లో పెద్దవాళ్లని అడగండి.

చుక్క కనిపిస్తే చాలదు, చుట్టూ కొంచెం జాగా కూడా ఉండాలి. రేడియో తరంగం సన్నటి దారంలా వెళ్లదు, మధ్యలో ఉబ్బిన కంది కాయ ఆకారంలో వెళ్తుంది. ఆ ఉబ్బునే ఫ్రెనెల్ జోన్ అంటారు. 70 మీటర్ల దూరానికి, 5.8 గిగాహెర్ట్జ్ దగ్గర, సరిగ్గా నడిమధ్యలో దాని వ్యాసార్థం దాదాపు 95 సెంటీమీటర్లు. అందులో 60 శాతం, అంటే సుమారు 57 సెంటీమీటర్లు, తప్పకుండా ఖాళీగా ఉండాలి. నేనైతే మీరు చూసిన గీతకి అన్ని వైపులా ఒక మీటరు వదలమంటాను. కింద బట్టలారేసే తీగ, నీళ్ల ట్యాంకు, పక్కింటి రేకుల కప్పు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఏ డబ్బా కొనాలి

ఒకేరకం డబ్బాలు రెండు కొనండి. వేరువేరు కంపెనీల రేడియోలు ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకోవు, సొంత పద్ధతులు ఉంటాయి. యాంటెనా సిగ్నల్‌ని ఒక వైపుకి ఎంత పోగుచేస్తుందో డీబీఐలో చెప్తారు. 70 మీటర్లకి 13 డీబీఐ యాంటెనా ఉన్న చిన్న ప్యానెల్ చాలు. యుబిక్విటీ నానోస్టేషన్ 5ఏసీ లోకో, టీపీ-లింక్ సీపీఈ510 ఈ కోవలోవే. పెద్ద డిష్ కొంటే ఇంకా బాగుంటుందనుకోకండి. దాని చూపు సన్నం కాబట్టి గురి కుదర్చడం కష్టం, పైగా ఇంత దగ్గర్లో దాని బలం అవసరం లేదు.

ఒక్క విషయం మాత్రం డబ్బా వెనక చదవండి: నెట్‌వర్క్ పోర్ట్ వేగం ఎంత అని. సీపీఈ510 పోర్ట్ 100 ఎంబీపీఎస్‌ది. రేడియో మీద 300 అని రాసి ఉన్నా కేబుల్ దగ్గరికి వచ్చేసరికి 95 దాటదు. మీ ఇంటర్‌నెట్ 50 అయితే దానితో ఇబ్బంది లేదు. ఇంట్లోని స్టోరేజ్ బాక్స్ నుంచి ఫైళ్లు లాగాలన్నా, రేపు 200 ప్లాన్‌కి మారాలన్నా గిగాబిట్ పోర్ట్ ఉన్నది తీసుకోండి. లోకోకి గిగాబిట్ పోర్ట్ ఉంది. నేను పెట్టింది అదే. 60 గిగాహెర్ట్జ్ బ్రిడ్జ్‌లు కూడా వస్తున్నాయి, చాలా వేగం. కానీ వాటికి ఒక్క కొమ్మ కూడా అడ్డు రాకూడదు, ధర కూడా ఎక్కువ. ఒక ఆఫీసు గదికి నేను అంత దూరం వెళ్లను.

ఈ డబ్బాలకి కరెంటు నెట్‌వర్క్ కేబుల్ గుండానే వెళ్తుంది. దానికి ఇంజెక్టర్ అనే చిన్న అడాప్టర్ కావాలి. కొన్ని మోడళ్లకి అది పెట్టెలో రాదు, విడిగా కొనాలి. పైన చెప్పిన రెండూ 24 వోల్టుల పాసివ్ రకం. అంటే అవతల ఏముందో అడక్కుండా కరెంటు పంపేస్తుంది. ఇంజెక్టర్ మీద రెండు పోర్టులుంటాయి. `PoE` అని రాసింది గోడ మీది డబ్బాకి, `LAN` అని రాసింది రౌటర్‌కో ల్యాప్‌టాప్‌కో. తారుమారు చేస్తే 24 వోల్టులు నేరుగా ల్యాప్‌టాప్ పోర్ట్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేయగలవు. నేను `PoE` పోర్ట్ చుట్టూ ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టేస్తాను. ఇంట్లో ఇంకెవరైనా తీసి పెట్టినా పొరపాటు పడరు.

కేబుల్ మాత్రం తక్కువలో చూసుకోకండి. సీసీ కెమెరా షాపుల్లో చవగ్గా దొరికేది చాలాసార్లు రాగి పూత పూసిన అల్యూమినియం తీగ. వంచితే విరుగుతుంది, కరెంటు మోయడంలోనూ బలహీనం. పూర్తి రాగిది, ఎండకి తట్టుకునే నల్ల తొడుగుది, లోపల రేకు చుట్టిన ఔట్‌డోర్ క్యాట్6 అడిగి తీసుకోండి. చాకుతో ఒక తీగ గీకి చూడండి: పైన ఎరుపు, లోపల తెలుపు కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి.

గోడెక్కే ముందు బల్ల మీద కలపండి

రెండు డబ్బాల్నీ ముందు ఒకే బల్ల మీద, ఒక మీటరు దూరంలో పెట్టి సెట్ చేయండి. నిచ్చెన మీద నిలబడి పాస్‌వర్డ్ కొట్టే పరిస్థితి తెచ్చుకోవద్దు. ఇంత దగ్గర్లో సిగ్నల్ మరీ ఎక్కువ కాబట్టి పవర్‌ని అన్నిటికన్నా తక్కువకి దించండి.

నేను లోకో పద్ధతి చెప్తాను, మిగతావీ ఇంచుమించు ఇంతే. కొత్త డబ్బా చిరునామా `192.168.1.20`. రెండూ అదే చిరునామాతో వస్తాయి కాబట్టి ఒక్కోదాన్నీ విడివిడిగా పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌కి తాత్కాలికంగా `192.168.1.10`, మాస్క్ `255.255.255.0` ఇచ్చి బ్రౌజర్‌లో ఆ చిరునామా తెరవండి. మొదట దేశం అడుగుతుంది, ఇండియా అని పెట్టండి. 2018 నుంచి మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు, కానీ పవర్‌కి హద్దులున్నాయి. దేశం సరిగ్గా పెడితే డబ్బా ఆ హద్దులు తానే పాటిస్తుంది. ఎక్కువ పవర్ కోసం ఇంకో దేశం పేరు పెట్టే అలవాటు కొందరికి ఉంది, అది చట్టవిరుద్ధం. ఈ దూరానికి అక్కర్లేదు కూడా.

ఇంటి వైపు డబ్బాకి `Access Point PtP`, షెడ్డు వైపు డబ్బాకి `Station PtP`. రెండింటికీ నెట్‌వర్క్ మోడ్ `Bridge`. పేరు, పాస్‌వర్డ్ రెండింటిలో అక్షరం పొల్లు పోకుండా ఒకటే ఉండాలి, సెక్యూరిటీ WPA2 ఉంచండి. ఇప్పుడు చిరునామాలు ఇవ్వాలి. మా అక్కావాళ్ల రౌటర్ `192.168.1.1`, అది ఫోన్లకీ టీవీలకీ 100 నుంచి 200 వరకు అంకెలు పంచుతుంది. అందుకని బ్రిడ్జ్‌కి ఆ వరసకి బయట ఉన్నవి ఇచ్చాను:

```
రౌటర్               192.168.1.1
ఇంటి మీది డబ్బా      192.168.1.20
షెడ్డు మీది డబ్బా     192.168.1.21
షెడ్డు లోపలి వైఫై     192.168.1.3
```

మీ రౌటర్ `192.168.0.1` అయితే ఇవన్నీ ఆ వరసలోకి మార్చుకోండి. ఈ నాలుగు వరుసల్నీ ఒక కాగితం మీద రాసి ఇంజెక్టర్ పక్కన అంటించండి. రెండేళ్ల తర్వాత అందులోకి వెళ్లాల్సి వస్తే ఎవరికీ గుర్తుండదు.

ఛానెల్ సంగతి కొంచెం నిదానంగా చూడండి. 5 గిగాహెర్ట్జ్ మధ్య భాగం, అంటే 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లు రాడార్లు కూడా వాడే చోటు. అక్కడ డబ్బా మొదలవ్వగానే కనీసం ఒక నిమిషం ఊరికే వింటుంది, ఆ తర్వాత కూడా రాడార్ లాంటిది వినిపిస్తే వెంటనే ఛానెల్ వదిలేస్తుంది. మధ్యాహ్నం కాల్‌లో ఉన్నట్టుండి నిమిషం పాటు అంతా ఆగిపోయి మళ్లీ దానంతటదే వస్తే ముందు దీన్నే అనుమానించండి. బ్రిడ్జ్‌ని 149 నుంచి 161 మధ్య పెట్టి, ఇంట్లో రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌ని 36 నుంచి 48 మధ్యకి మార్చండి. రెండూ ఒకదానికొకటి అడ్డురావు. ఛానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ చాలు. 80 పెడితే పరీక్షలో అంకె పెద్దగా వస్తుంది కానీ చుట్టుపక్కల గోల కూడా ఎక్కువ వింటుంది.

గోడ మీద బిగించడం

డబ్బాని నిటారుగా, కేబుల్ పోర్ట్ కిందికి ఉండేట్టు బిగించండి. రెండు వైపులా ఒకే తీరున నిలబడాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉంటే యాంటెనాలు సరిగ్గా కలవవు. పిట్టగోడ పైన పొడవాటి పైపు పాతి దాని చివర పెట్టకండి. షెడ్డు కనిపించేంత ఎత్తు చాలు, ఇంట్లో అన్నిటికన్నా ఎత్తైన వస్తువు అది కాకూడదు. పిడుగు భయం మనకి వేసవి చివర్లో నిజంగానే ఉంటుంది.

కేబుల్ పోర్ట్‌లోంచి బయటికొచ్చాక నేరుగా గోడ రంధ్రంలోకి తిప్పకండి. ముందు ఒక జానెడు కిందికి వేలాడేట్టు వంక తిప్పి, తర్వాత పైకి తీసుకెళ్లండి. వాన నీళ్లు కేబుల్ వెంట జారి ఆ వంక అడుగున చుక్కలుగా రాలిపోతాయి. గోడకి రంధ్రం వేసేటప్పుడు బయటి వైపు కిందికి వాలుగా వేయించండి, లోపలికి నీరు రాదు. రంధ్రం చుట్టూ సిలికాన్ పూయండి.

మా వైపు ఇంకో బాధ కోతులు. వేలాడే తీగ కనిపిస్తే లాగకుండా ఉండవు. బయట కనిపించే కేబుల్ మొత్తాన్ని పీవీసీ గొట్టంలోంచి తీసుకెళ్లి, అడుగున్నరకి ఒక క్లాంపు వేయించాం. గొట్టం చివర్లు తెరిచి వదిలేస్తే కందిరీగలు గూడు పెడతాయి. అందులో కొంచెం నైలాన్ దోమతెర ముక్క కుక్కండి, నీళ్లు బయటికి పోయే దారి ఉంటుంది.

కేబుల్ చివరకి కనెక్టర్ మీరే వేసుకుంటుంటే రెండు చివరలా రంగులు ఒకే వరుసలో ఉండాలి. క్లిప్ కిందికి ఉండేట్టు పట్టుకుంటే ఎడమ నుంచి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. తీగల్ని వేలితో సాపు చేసి, చివరలు ఒకే గీతలో కత్తిరించి, కనెక్టర్‌లోకి తోసి ముందు వైపు నుంచి చూడండి. ఎనిమిది రాగి చుక్కలూ అద్దానికి ఆనినట్టు కనిపించాలి. ఒక్క చుక్క వెనక ఉండిపోయినా గిగాబిట్ రాకుండా 100 దగ్గర ఆగిపోవచ్చు. డబ్బా పేజీలో పోర్ట్ వేగం `100` అని కనిపిస్తే గురి కుదర్చే ముందు ఈ కనెక్టర్‌నే మళ్లీ వేయండి. తొడుగు కూడా కనెక్టర్ లోపలికి రావాలి, లేకపోతే బరువంతా సన్నటి తీగల మీద పడుతుంది.

కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట ఒక నెట్‌వర్క్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, దాని ఎర్త్ తీగని ఇంటి ఎర్తింగ్‌కి కలిపించండి. ఎర్త్‌కి కలపని ప్రొటెక్టర్ ఉన్నా లేనట్టే. ఈ పని మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. నేరుగా పడే పిడుగుకి ఏదీ ఆగదు, పక్కన పడేవాటికి ఇది ఆసరా.

గురి కుదర్చడం

కంటి చూపుతో రెండు డబ్బాల ముఖాలూ ఎదురెదురుగా తిప్పండి. క్లాంపు కొద్దిగా వదులుగానే ఉంచండి. ఫోన్‌లో డబ్బా పేజీ తెరిస్తే సిగ్నల్ అంకె కనిపిస్తుంది. అది మైనస్‌లో ఉంటుంది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. ఎంత రావాలో ముందే లెక్క వేసుకోవచ్చు. 70 మీటర్ల గాలిలో 5.8 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాదాపు 85 డీబీ కోల్పోతుంది. రెండు యాంటెనాలు చెరో 13 ఇస్తాయి. పవర్ 10కి పెడితే:

```
10 + 13 + 13 - 85 = -49 dBm
```

వేప తప్పించాక మాకు వచ్చింది సరిగ్గా ఇదే. మీ దూరం 35 మీటర్లయితే నష్టం 6 తగ్గుతుంది, 140 అయితే 6 పెరుగుతుంది. మైనస్ 45కీ 60కీ మధ్య ఎక్కడున్నా ఆఫీసు పనికి హాయిగా సరిపోతుంది. లెక్కలో వచ్చినదానికన్నా 10కి మించి తగ్గితే ఏదో అడ్డుంది, లేదా గురి తప్పింది. పవర్ పెంచి ఆ లోటు కప్పేయకండి, కారణం వెతకండి. అలాగని మైనస్ 40 దాటి బలంగా ఉండడం కూడా మంచిది కాదు. ఎదురుగా చెవి దగ్గర అరిచినట్టు, వినే రేడియో తడబడుతుంది. పవర్ దించండి, వేగం పెరగడం మీరే చూస్తారు.

ఒక వైపు డబ్బాని కదపకుండా రెండోదాన్ని ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా తిప్పండి. వేలెడంత తిప్పి అయిదు సెకన్లు ఆగండి, అంకె కుదురుకోవడానికి ఆ సమయం పడుతుంది. పెరిగి, మళ్లీ తగ్గడం మొదలయ్యాక వెనక్కి వచ్చి పెద్ద అంకె దగ్గర ఆపండి. తర్వాత పైకీ కిందికీ కూడా అంతే. డాబా షెడ్డు కన్నా ఎత్తులో ఉంటే పై డబ్బాని కొంచెం కిందికి వంచాలి. ఆ తర్వాత రెండో వైపు. క్లాంపు బిగించేటప్పుడు డబ్బా తిరిగిపోతుంది, అందుకే బిగించాక మళ్లీ ఒకసారి అంకె చూడండి. పేజీలో రెండు చెయిన్ల, అంటే డబ్బా లోపలి రెండు యాంటెనా దారుల, అంకెలు విడివిడిగా కనిపిస్తాయి, వాటి మధ్య తేడా మూడు నాలుగు లోపే ఉండాలి. ఒకటి మైనస్ 49, ఇంకొకటి మైనస్ 60 అయితే ఒక డబ్బా పక్కకి ఒరిగిందేమో చూడండి.

షెడ్డు లోపల వైఫై

షెడ్డు వైపు ఇంజెక్టర్ `LAN` పోర్ట్‌కి నేరుగా ల్యాప్‌టాప్ పెట్టినా ఇంటర్‌నెట్ వస్తుంది. ఫోన్లకి కూడా కావాలంటే ఇంట్లో మూల పడేసిన పాత రౌటర్ చాలు. దానికి `192.168.1.3` ఇచ్చి, అందులో చిరునామాలు పంచే DHCP ఆపేసి, ఇంజెక్టర్ `LAN` నుంచి వచ్చే కేబుల్‌ని `WAN` పోర్ట్‌లో కాకుండా `LAN` పోర్ట్‌లో పెట్టండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. సెట్టింగ్స్ ఏవీ మార్చకుండా `WAN`లో పెడితే ఇంటర్‌నెట్ వస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ షెడ్డు వేరే నెట్‌వర్క్ అయిపోయి, అక్కడి ల్యాప్‌టాప్‌కి ఇంట్లో ప్రింటర్ కనిపించదు. DHCP ఆపడం మర్చిపోతే ఇంట్లో టీవీ కూడా అప్పుడప్పుడు షెడ్డు రౌటర్ దగ్గర చిరునామా తీసుకుని నెట్ రావట్లేదంటుంది.

మెష్ వైఫై వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. షెడ్డులో పెట్టిన మెష్ డబ్బా బ్రిడ్జ్ కేబుల్‌తోనూ, గాలిలో ఇంటి డబ్బాతోనూ ఒకేసారి కలిస్తే నెట్‌వర్క్ గుండ్రంగా తిరిగి, ఇల్లంతా నెట్ ఆగిపోవచ్చు. దాని సెట్టింగ్‌లో కేబుల్ దారే వాడమని చెప్పండి.

ఇప్పుడు పరీక్ష. ఇంటర్‌నెట్ స్పీడ్ టెస్ట్ చేస్తే మీ ప్లాన్ వేగమే తెలుస్తుంది, బ్రిడ్జ్ వేగం తెలియదు. దానికి రెండు కంప్యూటర్ల మధ్య వేగం కొలిచే iperf3 అనే ప్రోగ్రామ్ కావాలి. ఇంట్లో రౌటర్‌కి కేబుల్‌తో కలిపిన ఒక కంప్యూటర్‌లో `iperf3 -s` నడిపించి, షెడ్డులోని ల్యాప్‌టాప్ నుంచి ఇవి కొట్టండి. `192.168.1.50` బదులు మీ ఇంటి కంప్యూటర్ చిరునామా పెట్టుకోండి:

```
ping 192.168.1.20
iperf3 -c 192.168.1.50 -t 30
iperf3 -c 192.168.1.50 -t 30 -R
```

రెండో వరుస వెళ్లే వేగం, మూడోది వచ్చే వేగం. మాకు రెండు వైపులా 200 పైనే వచ్చింది, అంటే 100 ప్లాన్‌కి బ్రిడ్జ్ అడ్డం కాదు. పింగ్ మాత్రం పావుగంట వదిలేయండి, విండోస్‌లో అయితే అది ఆగకుండా ఉండడానికి `ping -t 192.168.1.20` అని కొట్టండి. మూడు నాలుగు మిల్లీ సెకన్ల లోపు స్థిరంగా ఉండాలి. సగటు బాగుండి, మధ్యమధ్యలో 200, 300కి ఎగురుతుంటే వీడియో కాల్‌లో గొంతు తెగేది అప్పుడే. సిగ్నల్ అంకె బాగుండగా ఇలా ఎగిరితే పక్కవాళ్లెవరో అదే ఛానెల్‌లో ఉన్నారు, ఛానెల్ మార్చండి. సిగ్నల్ అంకె కూడా గాలితో పాటు ఊగుతుంటే కొమ్మ అడ్డుంది.

కరెంటు, ఎండ, వాన

కరెంటు పోయినప్పుడు ఇంట్లో రౌటర్ ఇన్వర్టర్ మీద నడుస్తూనే ఉంటుంది, షెడ్డులో మాత్రం నెట్ పోతుంది. అవతలి డబ్బాకి కరెంటు లేకపోవడమే కారణం. ఇంటి వైపు ఇంజెక్టర్‌ని ఇన్వర్టర్ లైన్ ఉన్న ప్లగ్‌కే పెట్టండి. షెడ్డులో డబ్బాకీ పాత రౌటర్‌కీ కలిపి 20 వాట్లకి అటూ ఇటూ అవుతుంది, చిన్న యూపీఎస్ చాలు. ఇంజెక్టర్‌ని రేకుల కిందా సీలింగ్ పైనా ఉండే సందులో దాచకండి. మే నెలలో అక్కడి వేడికి ముందు పోయేది అదే. బల్ల ఎత్తులో, గాలి తగిలేచోట పెట్టండి. ఉరుములు దగ్గరగా వినిపిస్తుంటే రెండు వైపులా ఇంజెక్టర్ ప్లగ్గూ, రౌటర్లోకి వెళ్లే కేబులూ తీసేయమని ఇంట్లో చెప్పి ఉంచండి.

అన్నీ అయ్యాక తేదీ, రెండు వైపులా సిగ్నల్ అంకె, పవర్, ఛానెల్ అదే కాగితం మీద రాయండి. అక్కావాళ్ల కాగితం మీద చిరునామాల కింద ఇప్పుడు ఇలాంటివి నాలుగు వరుసలున్నాయి: ఫిబ్రవరిది, ఏప్రిల్‌లో వాన తర్వాతది, డబ్బా జరిపాక ఒకటి, తొలకరికి ఒకటి. చివరి రెండింటిలోనూ మైనస్ 49 ఉంది. ఏటా వేప చిగురేశాక ఒకసారి, మొదటి పెద్ద వాన మర్నాడు ఒకసారి ఆ అంకె చూసి రాయమని బావకి చెప్పాను. మైనస్ 49 కన్నా 5 దాకా తగ్గితే పిట్టగోడ చివర నిలబడి షెడ్డు వైపు చూస్తాడు. కొత్త కొమ్మ ఏదైనా గీత మీదికి వచ్చి ఉంటే ఆ ఒక్క కొమ్మని కోయడానికి అక్క ఒప్పుకుంది.